గిన్నె దగ్గర గుర్రుమనే కుక్క: గిన్నె లాక్కోవాలా, మార్పిడి చెయ్యాలా, చికెన్ విసరాలా?

"తింటున్నప్పుడు దగ్గరికి వెళ్తే మా ల్యాబ్రడార్ గుర్రుమంటోంది, ఏం చెయ్యాలి?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. వాళ్లలో ఎక్కువమందికి ఎవరో ఒకరు అప్పటికే ఒక సలహా ఇచ్చి ఉంటారు: తింటుండగా గిన్నెలో చెయ్యి పెట్టండి, మధ్యలో గిన్నె తీసేయండి, ఇంట్లో పెద్ద ఎవరో దానికి తెలిసొస్తుంది.

ఈ పద్ధతి నాకు అసలు నచ్చదు. నెమ్మదైన కుక్కపిల్లలు దీన్ని భరిస్తాయి కాబట్టి దీనికి మంచి పేరు మిగిలింది. గుర్రుమనే కుక్క మాత్రం తన తిండి పోతుందనే భయంతో ఉంటుంది. గిన్నె లాక్కున్న ప్రతిసారీ ఆ భయం నిజమేనని మనమే రుజువు చేస్తున్నాం. కసిరితే గుర్రుమనడం మానేయవచ్చు, కానీ భయం అలాగే ఉంటుంది. ముందుగా హెచ్చరించే కుక్క కాస్తా హెచ్చరిక లేకుండా కరిచే కుక్కవుతుంది. అసలు గుర్రుమనడానికి ముందే గుర్తులు కనిపిస్తాయి: మనం దగ్గరికి రాగానే గబగబా తినడం, తల గిన్నెలోనే ఉంచి బిగుసుకుపోవడం, కంటి తెలుపు కనిపించేలా ఓరగా చూడడం.

బొమ్మల విషయంలో మార్పిడి బాగా పనిచేస్తుంది. కుక్కకు పెద్దగా ఇష్టం లేని బొమ్మతో మొదలుపెట్టి, "వదులు" అని, తర్వాత దానికి కాస్త దూరంగా రెండు మూడు తిండి ముక్కలు వెయ్యాలి. అది అటు వెళ్లాక బొమ్మ తీసుకుని, వెంటనే తిరిగి ఇచ్చేయాలి. ఇలా తిరిగి ఇవ్వడాన్నే చాలామంది మర్చిపోతారు. బొమ్మ ప్రతిసారీ బీరువాలోకి పోతుంటే కుక్క రెండు రోజుల్లో లెక్క కట్టేస్తుంది. తెలివైనవి ఇంకో పాఠం కూడా నేర్చుకుంటాయి: సాక్సు ఎత్తుకొస్తే చికెన్ దొరుకుతుందని!

గిన్నె విషయానికొస్తే నా ఓటు చికెన్ విసరడానికే. ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం వరస. ముందు మనిషి రావాలి, ఆ తర్వాతే చికెన్ రావాలి. ముక్క చూపిస్తూ నడిచి వెళ్తే కుక్క మీ చేతినే చూస్తుంది, మీ రాక మీద దాని అభిప్రాయం మారదు. ముక్కలు జేబులోనో నడుముకు కట్టుకున్న సంచిలోనో ఉండాలి.

ఉదాహరణకు, ఐదడుగుల దూరంలో బిగుసుకుపోయే కుక్క ఉందనుకోండి. గిన్నెలో రోజూ వేసే డ్రై ఫుడ్ వెయ్యండి. ఎనిమిది అడుగుల దూరం నుంచి, అంటే అది హాయిగా తింటున్న చోటు నుంచి మొదలుపెట్టండి. మామూలుగా నడుస్తూ వచ్చి, ఆగకుండా, ఉప్పూ ఉల్లిపాయా ఎముకా లేని ఉడికించిన గోరంత చికెన్ ముక్కను గిన్నె వైపు విసిరి వెళ్లిపోండి. ఒక పూట భోజనంలో నాలుగైదుసార్లు చాలు. మీరు వస్తుంటేనే అది తల ఎత్తి, ఒళ్లు వదులుగా పెట్టి, ముక్క కోసం ఎదురుచూసినప్పుడు అరడుగు దగ్గరికి జరగండి, అంతకుముందు వద్దు. గిన్నె పక్కన నిలబడగలిగాక కొంచెం వంగడం, ఆ తర్వాత గిన్నెను తాకడం, చివరగా గిన్నె ఎత్తి చికెన్ వేసి తిరిగి పెట్టడం. ఎక్కడైనా బిగుసుకుంటే మీరు తొందరపడ్డారన్నమాట, అంతకుముందు తేలికగా ఉన్న దూరానికి వెళ్లండి. ఇది వారాల పని. ఇంట్లో ఇంకో పెద్దవాళ్లు చేస్తే మళ్లీ ఎనిమిది అడుగుల నుంచే మొదలు. అమ్మను నమ్మినంత మాత్రాన నాన్నను నమ్మాలని లేదు.

చేత్తో తినిపించడం గురించి కూడా అడుగుతారు. తప్పులేదు గానీ, గిన్నె మళ్లీ వచ్చిన రోజు సమస్య కూడా తిరిగి రావచ్చు.

అయితే నిన్నటిదాకా బాగున్న కుక్క హఠాత్తుగా ఇలా మారితే చికెన్ కన్నా ముందు పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. పంటి నొప్పి, చెవి నొప్పి, కీళ్ల నొప్పి ఉండవచ్చు. దురదకని ఇచ్చే స్టెరాయిడ్లు ఆకలిని బాగా పెంచుతాయి కాబట్టి ఏ మందులు వాడుతున్నారో కూడా చెప్పండి. ఇప్పటికే చర్మం తెగేలా కరిచిన కుక్కతో ఈ సాధన సొంతంగా మొదలుపెట్టొద్దు, కుక్కల ప్రవర్తన తెలిసిన వైద్యుడు పక్కన ఉండాలి. కరిచిన చోట సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, పెంపుడు కుక్కే కదా అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

పాకే పిల్లలున్న ఇంట్లో నేనైతే పిల్లల్ని ఈ సాధనలోకి అసలు రానివ్వను. అక్కడ కుక్కకు వేరే గదిలో, తలుపు వేసి తిండి పెట్టడమే మేలు. తినడం అయ్యాక దాన్ని బయటికి పిలిచి, తలుపు మూసి, ఆ తర్వాతే గిన్నె తియ్యాలి. రెండు కుక్కలున్న ఇంట్లోనూ అంతే.