మూడు వానాకాలాలు వాడిన సిలికా జెల్ బ్రీదర్: నా అనుభవం

మా బ్యాక్‌హో లోడర్ హైడ్రాలిక్ ట్యాంకుకు సిలికా జెల్ ఉన్న బ్రీదర్, అంటే ట్యాంకులోకి వచ్చే గాలిలో తేమను పట్టే మూత, పెట్టి మూడు వానాకాలాలు దాటాయి. మళ్లీ కొంటారా అని అడిగితే కొంటానంటాను. కానీ అది చేసే పని ఒకటే, చేయలేనివి మూడున్నాయి. అవి తెలియక కొన్నవాళ్లు మోసపోయామనుకుంటారు. అందుకే అసలు కథ మొదటి నుంచి చెప్తున్నా.

మా బండి హసన్‌పర్తి, పర్కాల, ములుగు రోడ్డు వైపు తిరుగుతుంది. ఎండాకాలం చెరువు మట్టి, వానల్లో కాలువ పనులు, మధ్యలో క్వారీ దుమ్ము. బ్రీదర్ కొనడానికి ముందు సంవత్సరం జూలైలో మా ఆపరేటర్ ఫోన్ చేసి, "అన్నా, లీవర్ గుంజితే బూమ్ ఒక్క చిటికె ఆగి లేస్తంది, లేచినంక జర్క్ కొడ్తంది" అన్నాడు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు బాగానే ఉంటుంది. గంట నడిచాక లీవర్ మెత్తగా, స్పాంజి మీద కాలు పెట్టినట్టు అవుతుంది. పంపు దగ్గర చెవి పెడితే రేకు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు చప్పుడు. ట్యాంకు అద్దంలో చూస్తే ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగులో ఉంది.

చూసిన మెకానిక్ పంపు మార్చాలన్నాడు. నేను ఒక రోజు ఆగమన్నాను. ఆయిల్ చాయ్ రంగుకు తిరగడానికి కారణం గాలి కావచ్చు, నీళ్లు కావచ్చు. రెండింటికీ చేయాల్సిన పని వేరు. అది తేల్చకుండా పంపు మారిస్తే కొత్త పంపు కూడా అదే దారి పడుతుంది.

తేల్చడానికి ఖర్చేమీ కాదు. బండి నడుస్తుండగానే తీసిన వేడి ఆయిల్‌ను శుభ్రమైన, పొడి గాజు సీసాలో పోసి కదపకుండా పెట్టాను. గాలి బుడగలు పైకి పోతాయి కాబట్టి గాలి వల్ల వచ్చిన మసక అడుగు నుంచి పైకి విడిపోతూ వస్తుంది. అరగంట, గంటలో సీసా తేటపడితే దోషం గాలిదే. నీళ్ల మసక అంత తొందరగా పోదు. పూర్తిగా విడిపోతే రాత్రికి అడుగున చిన్న నీటి పొర కనిపిస్తుంది. మా సీసాలో అడుగు సగం వరకు తేటపడింది కానీ, తెల్లారినా పొగమంచులాంటి మసక మిగిలింది. అంటే రెండూ ఉన్నాయి.

నీళ్ల సంగతి ఖాయం చేసుకోవడానికి ఇనుప పెనాన్ని బాగా కాల్చి, దూరంగా నిలబడి, కళ్లద్దాలు పెట్టుకుని రెండు చుక్కలు వేశాను. చిటపటమని ఎగిరింది. నీళ్లు లేని ఆయిల్ చప్పుడు లేకుండా పరుచుకుని పొగ వదులుతుంది. ఈ పరీక్షకు ఒక హద్దుంది. నీళ్లు బాగా తక్కువగా ఉంటే చిటపట వినపడదు, కానీ హాని జరుగుతూనే ఉంటుంది. అప్పుడు ల్యాబ్‌కు పంపక తప్పదు.

గాలి ఎక్కడి నుంచి వస్తుందో పట్టుకోవడానికి పూట పట్టింది. ట్యాంకు నుంచి పంపుకు పోయే సక్షన్ హోస్‌లో ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. అందుకే అక్కడ సందు ఉంటే ఆయిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. కారడం లేదు కాబట్టి అంతా బాగుందనుకుంటే అక్కడే పొరబాటు. ఇంజన్ ఐడిల్‌లో పెట్టి, ఒక్కో జాయింటు చుట్టూ గ్రీజు దట్టంగా పూస్తూ పోయాను. పంపు వైపు క్లాంపు మీద పూయగానే గోళీల చప్పుడు తగ్గింది. విప్పి చూస్తే హోస్ చివర గట్టిపడి వేలి గోరు పట్టేంత చీలిక ఉంది. హోస్, రెండు క్లాంపులు మార్చాం. తర్వాత బండిని ఐడిల్‌లోనే ఉంచి, ఒక్కో సిలిండర్‌ను చివరిదాకా గుద్దకుండా మెల్లగా పదిసార్లు చాపి ముడిపించాం. గాలి ఉన్న సిలిండర్‌ను ఒక్కసారిగా ఫుల్ లోడులో వాడితే ఆ బుడగ నలిగి విపరీతంగా వేడెక్కుతుంది, పక్కనున్న సీలు కాలిపోతుంది.

నీళ్ల విషయంలో నేను ఒక తప్పు చేశాను. డ్రెయిన్ ప్లగ్ విప్పి పాత ఆయిల్ వదిలేసి కొత్తది పోశాను. వారానికి మళ్లీ చాయ్ రంగు! మా బండిలో మొత్తం దాదాపు 120 లీటర్లు. ట్యాంకు ప్లగ్ నుంచి వచ్చింది అందులో సగమే. మిగతా సగం సిలిండర్లలో, కూలర్‌లో, పైపుల్లో నీళ్లతో అలాగే ఉండిపోయింది. రెండోసారి సిలిండర్లన్నీ ముడిచి, బకెట్లు నేల మీద ఆనించి, ఇంజన్ ఆపి, లీవర్లు అటూ ఇటూ ఆడించి ఒత్తిడి తీసేశాక కూలర్ పైపులు కూడా విప్పి ఖాళీ చేయించాను. ఫిల్టర్ మార్చాను. అప్పుడు గానీ రంగు నిలబడలేదు. తొందరపాటుకు ఒక ట్యాంకు ఆయిల్ డబ్బులు పోయాయి.

పంపు మార్చలేదు గానీ విప్పి చూశాం. సైడ్ ప్లేట్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు, ఉప్పు తిన్న ఇనుములా. ప్లేట్లు, సీళ్లతో సరిపోయింది. ఇంకో నెల ఆలస్యమైతే గేర్లు కూడా పోయేవి.

ఇంతకీ నీళ్లు ఎలా వచ్చాయి? సిలిండర్ చాపినప్పుడల్లా ట్యాంకులో మట్టం తగ్గుతుంది, ఆ ఖాళీలోకి బయటి గాలి వస్తుంది. ముడిచినప్పుడు బయటికి పోతుంది. అంటే బండి రోజంతా ఊపిరి తీస్తుంది. వానాకాలపు తేమ గాలి లోపలికి పోయి, రాత్రి ట్యాంకు చల్లబడ్డాక గోడలకు చెమ్మగా పడుతుంది. పైగా మూత రబ్బరు చిట్లి ఉండగా మేం ప్రతి ఆదివారం ప్రెషర్ పంపుతో సరిగ్గా ఆ మూత మీదే కడిగాం. ఇది మాత్రం పూర్తిగా మా తప్పే.

ఆ తర్వాతే పాత మూత తీసి సిలికా జెల్ బ్రీదర్ పెట్టాను. మూడు వేల చిల్లర పడింది. లోపలికి వచ్చే గాలి జెల్ గుళికల గుండా వస్తుంది, తేమ అక్కడే ఆగిపోతుంది. నాది నారింజ నుంచి ఆకుపచ్చకు తిరిగే రకం. ఎండాకాలం ఆరు నెలలు నారింజగానే ఉంటుంది. వానల్లో మాత్రం రెండు నెలలకే సగం పచ్చబడుతుంది. క్వారీ పని ఉన్నప్పుడు జెల్ కంటే ముందు దుమ్ము ఫిల్టరే మూసుకుపోతుంది, రంగు చూసి మోసపోవద్దు. అది మూసుకుంటే ట్యాంకులోకి గాలి అందక పంపు మళ్లీ కూస్తుంది. మొదటి ఏడాది నాకు అదే జరిగింది.

ఇక ఈ బ్రీదర్ చేయలేనివి. ఇప్పటికే ఆయిల్‌లో ఉన్న నీళ్లను ఇది తీయదు. అరిగిన రాడ్ సీళ్ల గుండా వచ్చే బురద నీటిని ఆపదు. సక్షన్ గాలికి దీనితో సంబంధమే లేదు. నీళ్లలోకి దిగే పని ఉంటే, వచ్చాక ఒక రాత్రి ఆపి, పొద్దున స్టార్ట్ చేసే ముందు డ్రెయిన్ ప్లగ్‌ను కొద్దిగా వదులు చేసి అడుగున చేరిన నీళ్లు పోనిచ్చి, ఆయిల్ రాగానే బిగిస్తాం.

మూడేళ్లలో సీసా పరీక్ష ప్రతి వానాకాలం చేశాను. ఒక్కసారి తప్ప తేటగానే వచ్చింది. ఆ ఒక్కసారి బూమ్ రాడ్ సీలు పోయింది.

మా తమ్ముడి ఎక్స్‌కవేటర్‌కు ఇదే పెడదామనుకుని ఆగిపోయాం. దాని ట్యాంకు కొంచెం ఒత్తిడితో మూసి ఉండే రకం, మూత తిప్పగానే బుస్సుమంటుంది. అలాంటి బండికి ఈ బ్రీదర్ బిగిస్తే ఆ ఒత్తిడి పోతుంది, పంపుకు ఆయిల్ సరిగా అందదు. దానికి కంపెనీ బ్రీదర్ ఎలిమెంటే ప్రతి వానాకాలం ముందు మారుస్తున్నాం.