ప్రభుత్వ ఉద్యోగం ఎందుకు వదిలారో మెయిల్‌లో ఎక్కడ చెప్పాలి? మొదట్లోనా, పని చెప్పాకనా, ఇంటర్వ్యూలోనా?

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఈ మధ్య ఒకే ప్రశ్న పదే పదే వస్తోంది. ఇరవై ఏళ్లకు పైగా సర్వీసు ఉన్నవాళ్లు కృష్ణపట్నం పోర్టు చుట్టుపక్కల కంపెనీలకో, రొయ్యల ప్లాంట్లకో, చీమకుర్తి గ్రానైట్ యూనిట్లకో దరఖాస్తు పెడుతున్నారు. రెజ్యూమె సిద్ధంగానే ఉంటుంది. మెయిల్ దగ్గరే ఆగిపోతున్నారు. "ఇంత మంచి ఉద్యోగం ఎందుకు వదిలావయ్యా" అని అవతలివాళ్లు అనుకోకుండా ఏం రాయాలి, ఎక్కడ రాయాలి అన్నదే సందేహం.

ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. సోమశిల వైపు జలవనరుల శాఖలో స్టోర్సు చూసే సీనియర్ అసిస్టెంటు. 2002 జూన్‌లో చేరాడు. నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో స్టోర్స్ ఇన్‌చార్జి పోస్టుకు రాస్తున్నాడు.

మొదటి పద్ధతి, కారణంతోనే మొదలుపెట్టడం. చాలామంది ఇలాగే రాస్తారు, ఎందుకంటే ఆఫీసులో చేతికి అలవాటైన పద్ధతి అది: విషయం, సూచిక, "పై విషయమై తమకు మనవి చేయునది ఏమనగా". దీనికో సుగుణం ఉంది, దాచినట్టు అనిపించదు. కానీ హెచ్‌ఆర్‌లో కూర్చున్న మనిషి మెయిల్‌ను ఫోన్‌లో తెరిస్తే ముందు కనిపించేవి రెండు మూడు వరుసలే. ఆ వరుసల్లో బదిలీల బాధ, కుటుంబ పరిస్థితి, "కొత్త సవాళ్ల కోసం" అన్న మాట ఉంటే ఈ మనిషి స్టోర్సు చూడగలడా అన్న ప్రశ్నకు జవాబు అందదు. పైగా కారణం ముందు పెట్టినకొద్దీ అది పొడుగవుతుంది. ఒక వాక్యానికి సంజాయిషీగా ఇంకో వాక్యం వచ్చి చేరుతుంది. చదివేవాళ్లకు అది మెమోకు ఇచ్చిన జవాబులా కనిపిస్తుంది.

రెండోది, ముందు పని చెప్పి, తర్వాత మూడు వాక్యాల్లో మార్పు గురించి చెప్పడం. మా మొగ్గు దీనివైపే. కారణం వివరంగా చెప్తాం.

ప్రైవేటు కంపెనీకి మీరు వదిలిన కారణం మీద నిజానికి అంత ఆసక్తి ఉండదు. వాళ్ల మనసులో ఉండేవి రెండే: ఈయన మీద ఏదైనా ఎంక్వైరీ నడుస్తోందా, ఎప్పుడు చేరగలడు. సస్పెన్షన్‌లో ఉండి బయటపడాలని చూస్తున్నాడేమో అన్న అనుమానం పైకి ఎవరూ అడగరు. అడగకుండానే ఫైలు పక్కన పెట్టేస్తారు. ఈ రెండింటికీ కారణం జవాబు కాదు, తేదీ జవాబు.

ఇక్కడ పెన్షన్ నిబంధన తెలిసి రాయాలి. రాష్ట్ర ఉద్యోగి 20 ఏళ్ల అర్హత సర్వీసు పూర్తయ్యాక మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవచ్చు. ఇది 1980 పెన్షన్ రూల్స్‌లోని 43వ రూలు. నియామకాధికారి అంగీకారం కావాలి, శాఖాపరమైన విచారణ పెండింగ్‌లో ఉంటే ఆగిపోవచ్చు. అందుకే "నోటీసు ఇచ్చాను, ఫలానా తేదీకి గడువు ముగుస్తుంది, నాపై ఏ విచారణా లేదు" అన్న ఒక్క వాక్యం హెచ్‌ఆర్ అనుమానాన్ని చాలావరకు తీర్చేస్తుంది. మన ఉదాహరణలో నోటీసు 2025 నవంబరు 1న మొదలైతే జనవరి 31తో ముగుస్తుంది. ఫిబ్రవరి 1 ఆదివారం కాబట్టి "ఫిబ్రవరి 2 నుంచి చేరగలను" అని రాయాలి. "త్వరలో" అని రాయకూడదు. ఇంకా నోటీసు ఇవ్వనివాళ్లు లేని తేదీ రాయొద్దు. "ఆఫర్ వచ్చిన వారంలో నోటీసు ఇస్తాను, అక్కడి నుంచి మూడు నెలలు పడుతుంది" అని ఉన్నదున్నట్టు చెప్పాలి. అంతకాలం ఆగలేని కంపెనీ అయితే ఇంటర్వ్యూకి ముందే తేలిపోతుంది, అది ఇద్దరికీ మంచిదే.

ఇంకో మాట కూడా ఇక్కడే జాగ్రత్తగా చూసుకోవాలి. మెయిల్‌లో "రాజీనామా చేశాను" అని రాయకండి. రాజీనామాకు పాత సర్వీసు పోతుంది, స్వచ్ఛంద విరమణకు పోదు. రెండూ వేరు. మెయిల్‌లో ఒకటి రాసి, తర్వాత ఇచ్చే రిలీవింగ్ ఆర్డరులో ఇంకోటి ఉంటే వెరిఫికేషన్‌లో అది అబద్ధంలా కనిపిస్తుంది. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లు కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం సీపీఎస్‌లో ఉంటారు, వాళ్ల డబ్బు లెక్కలు వేరు. అయినా మెయిల్‌లో పదం మాత్రం మీ ఆర్డరులో ఉండబోయేదే వాడాలి. పెన్షన్ వస్తుందన్న సంగతి మాత్రం రాయనక్కర్లేదు. అది జీతం తగ్గించి మాట్లాడటానికి వాళ్లకు మనం అందించిన ఆయుధం అవుతుంది.

మరి ముందు చెప్పాల్సిన పని సంగతి. "23 ఏళ్ల అనుభవం" అంటే ప్లాంటు మేనేజరుకు ఏమీ అర్థం కాదు. ప్రభుత్వ స్టోర్సులో పెద్ద భయం ఆడిట్, రిజిస్టరుకూ రాక్‌కూ తేడా రాకూడదు. ప్రాసెసింగ్ ప్లాంటులో పెద్ద భయం సరుకు అయిపోవడం. పట్టుబడి సీజన్‌లో కంప్రెషరు విడిభాగం గానీ, ప్యాకింగ్ అట్టపెట్టెలు గానీ లేకపోతే రొయ్య ఐసులో పడి ఉంటుంది, నాణ్యత పడిపోతుంది. కాబట్టి మొదటి పేరా ఇలా ఉండాలి (మెయిల్ ఇంగ్లీషులో వెళ్తుంది, సారం ఇది):

"జలవనరుల శాఖలో పంపులు, వాల్వులు, మోటారు విడిభాగాలు కలిపి 1,400 ఐటెమ్‌ల స్టోర్సు చూస్తున్నాను. 2018 నుంచి బిల్లులు ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో పెడుతున్నాను. సాగు సీజన్‌లో పంపు ఆగితే కావలసిన భాగం ఆ రోజే సైటుకు చేరేలా, తరచూ పోయే 60 భాగాలకు కనీస నిల్వ పెట్టుకుని నడిపాను."

ఆ తర్వాతే మార్పు పేరా:

"రోజువారీ ఉత్పత్తికి సరుకు అందించే స్టోర్సులో పనిచేయాలని ఈ పోస్టుకు రాస్తున్నాను. స్వచ్ఛంద విరమణ నోటీసు గడువు జనవరి 31తో ముగుస్తుంది, నాపై ఏ శాఖాపరమైన విచారణా లేదు. ఫిబ్రవరి 2 నుంచి చేరగలను."

మొదటి వాక్యంలో ఉన్న కారణం వెనక్కి కాక, ముందుకు చూస్తోంది. విడిచిన ఆఫీసు గురించి అందులో ఒక్క మాటా లేదు. అంకెలు మీవి మీరు వేసుకోవాలి. ఇంటర్వ్యూలో "ఆ 60 భాగాలు ఏవి?" అని అడిగితే పదైనా గుక్క తిప్పుకోకుండా చెప్పగలగాలి, లేకపోతే ఆ వాక్యం తీసేయండి.

మూడో పద్ధతి, ఏమీ చెప్పకుండా ఇంటర్వ్యూకి వదిలేయడం. తెలిసినవాళ్లు ముందే మాట చెప్పి ఉంటే ఇది సరిపోతుంది. పరిచయం లేని కంపెనీకి పనికిరాదు, పైన చెప్పిన అనుమానానికి జవాబు లేకుండానే మెయిల్ మూసేస్తారు. అలాగే కారణాన్ని వేరే కవరింగ్ లెటర్‌గా జతచేయడం ఒకటుంది. అడిగితే పంపండి. అడగకపోతే చాలామంది దాన్ని తెరవరు.

ఒక మినహాయింపు. మీరు పనిచేసిన శాఖకూ, దరఖాస్తు పెట్టే కంపెనీకీ లావాదేవీ ఉంటే, అంటే ఆ కంపెనీకి లైసెన్సు ఇచ్చిన, తనిఖీ చేసిన, పన్ను వేసిన ఆఫీసు మీదైతే, అక్కడ రెండో పద్ధతి చాలదు. ఆ సంగతి మొదటి పేరాలోనే చెప్పాలి. గెజిటెడ్ హోదా వాళ్లు విరమణ తర్వాత ప్రైవేటు కొలువుకు ముందస్తు అనుమతి తమకు అవసరమా అన్నది తమ పెన్షన్ రూల్స్‌లో చూసుకుని, అవసరమైతే అది చేతికి వచ్చాకే చేరే తేదీ రాయాలి.