కంపెనీ మాట నమ్మి మిషన్ పెట్టిన, చిన్న సప్లయర్లు జాగ్రత్త

జడ్చర్ల, బాలానగర్ వైపు కంపెనీలకు మాల్ ఇచ్చే అన్నలందరికి చెప్తున్న. నిన్న సాయంత్రం జరిగింది, రాత్రంత నిద్ర లేదు. రాసిండ్ల తప్పులుంటే ఏమనుకోకుండ్రి. కంపెనీ పేరు రాస్తలేను.

మాది అట్టపెట్టెల యూనిట్. ఏడేండ్ల నుంచి ఒక పెద్ద కంపెనీకి ఐదు ప్లై కార్టన్లు ఇస్తున్న. నెలకు 20 లక్షల సేల్ అయితే అండ్ల 16 లక్షలు వాళ్లదే. మిగిలిన 4 లక్షలు గద్వాల చీరల షాపులు, ఇద్దరు పచ్చళ్లవాళ్లు, ఎండకాలం వస్తే కొల్లాపూర్ మామిడి పెట్టెలు. రెండేండ్ల కింద అప్పటి పర్చేజ్ మేనేజర్ "ఇంకో మిషన్ పెట్టన్నా, లోడ్ మేమిస్తం" అన్నడు. నోటి మాటే, కాగితం లేదు. నేను లోన్ తీసి పెట్టిన. ఆయన వేరే ఊరికి బదిలీ అయి పోయిండు. పోంగ పోంగ 45 రోజుల పేమెంట్ 60 అయింది, 60 కాస్త 100 దాటింది.

నిన్న పేమెంట్ అడుగుదామని పోయిన. గేటు దగ్గర పాస్ రాయించుకుని రెండు గంటలు కూసున్న. కూసున్న కాడికెల్లి వాళ్ల అన్‌లోడింగ్ పాయింట్ కనవడ్తది. ఒక లారీ వచ్చి ఆగింది, కార్టన్లు దించుతున్నరు. దగ్గరికి పోయి చూస్తే చేతికి పట్టుకునే రంధ్రం కాడ మా డైకి ఉండే చిన్న గీత. మూడేండ్ల కింద డై బ్లేడు దెబ్బతిని పడ్డ గీత అది, నేను చీకట్ల తడిమినా గుర్తుపడ్త. స్టీరియో మార్చాలె అని పోయిన నెల నా దగ్గరికెల్లి డై తెప్పించుకున్నరు. ఆ డైతోని ఇంకొకరి దగ్గర కొట్టిస్తున్నరు.

లోపలికి పిలిచినంక కొత్త మేనేజర్‌ను అడిగిన. నా కొడుకు వయసుంటడు. తల కూడ ఎత్తకుంట, "వచ్చే నెల నుంచి 9 శాతం తగ్గించి ఇయ్యి, లేకపోతే వాళ్లే ఇస్తరు. నీకు మేం కాక ఇంకెవరున్నరు? నీ మిషన్ నడిచేదే మా లోడ్‌తోని" అన్నడు. ఏడేండ్లల్ల ఒక్క లోడ్ లేట్ చెయ్యలేదు. లాక్‌డౌన్ల పాస్ తీసుకుని నేనే బండి నడుపుకుంట పోయి మాల్ దించిన. ఆ మాటకు జవాబు చెప్పలేక లేచి వచ్చిన. చెప్పలేకపోవడానికి కారణం అతను అన్నది నిజం కావడమే. అదే నన్ను కాల్చుతున్నది.

ఇంటికొచ్చి లెక్క రాసిన. ఈ లెక్క రెండేండ్ల కిందనే రాయాలె. మీరైతే ఇయ్యాలనే రాయండి.

సేల్ ఎంత, అండ్ల వాళ్లది ఎంత శాతం అని చూస్తే అసలు సంగతి తెల్వది. పేపరు, గమ్ము, కిరాయి పోను ప్రతి కస్టమర్ దగ్గర ఎంత మిగులుతుందో చూడాలె. నాకు పెద్ద కంపెనీ దగ్గర 20 శాతం మిగులుతది, అంటే 16 లక్షల మీద 3 లక్షల 20 వేలు. చిన్నోళ్ల దగ్గర 25 శాతం, 4 లక్షల మీద లక్ష. మొత్తం 4 లక్షల 20 వేలు. పని ఉన్నా లేకున్నా నెల నెలా కట్టాల్సినవి షెడ్డు కిరాయి 40 వేలు, జీతాలు లక్షా 70 వేలు, కరెంటు, ఇతర ఖర్చులు 40 వేలు, కొత్త మిషన్ కిస్తు 90 వేలు. అన్ని కలిపి 3 లక్షల 40 వేలు. చేతిల మిగిలేది 80 వేలు.

ఇప్పుడు వాళ్లడిగిన 9 శాతం తగ్గిస్తే 16 లక్షల మీద లక్షా 44 వేలు పోతది. 80 వేల మిగులు పోయి నెలకు 64 వేలు లాసు. వాళ్లు మొత్తం ఆపేస్తే చిన్నోళ్ల నుంచి వచ్చేది లక్ష, కట్టాల్సింది 3 లక్షల 40 వేలు. ఒప్పుకున్నా మునుగుడే, వద్దన్నా మునుగుడే.

వాళ్లకు వద్దు అని చెప్పాలంటే చిన్నోళ్ల సేల్ నెలకు 13 లక్షల 60 వేలు ఉండాలె, దాని మీద 25 శాతం అయితే ఖర్చులకు సరిపోతది. మిషన్ కిస్తు లేకపోతే 10 లక్షలు చాలు. అంటే వాళ్ల నోటి మాట మీద కిస్తు మొదలైన రోజే నేను వాళ్ల చేతికి ఇంకింత చిక్కిన. సేల్ పెరుగుతుందని సంబరపడ్డ గాని ఇది కానరాలె.

బ్యాంకు దెబ్బ కూడ చెప్పాలె. మా సీసీ ఖాతాల 90 రోజులు దాటిన బిల్లులను బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. వాళ్లవి ఒక నెల బిల్లులు 16 లక్షలు 90 రోజులు దాటంగనే, 25 శాతం మార్జిన్ పోను, 12 లక్షల డ్రాయింగ్ పవర్ ఒక్క దెబ్బకు తగ్గింది. సరిగ్గ అప్పుడే పేపర్ రోల్స్ పైసలు కట్టాలె. జీఎస్టీ అయితే వాళ్లు ఇచ్చినా ఇయ్యకున్నా మనం 20వ తారీఖుకు కట్టాల్సిందే. పది మంది కస్టమర్లుంటే ఒక్కరిద్దరు లేటైనా తట్టుకుంటం. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరి లేటే మొత్తం లేటు.

చట్టం ఉంది కదా అంటరు. నిజమే. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న యూనిట్‌కు 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, పీవో మీద 60 రోజులని రాసుకున్నా, 45 రోజులు దాటి పేమెంట్ ఆపొద్దు. దాటితే ఆర్బీఐ బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెల నెలా చక్రవడ్డీ లెక్కన ఇయ్యాలె. ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్ల కంప్లయింట్ పెట్టొచ్చు. ఇవన్ని నాకు ఎప్పటి నుంచో తెలుసు. ఏడాది నుంచి ఎందుకు పెట్టలేదంటే, పెట్టిన మరునాడే 16 లక్షల లోడ్ ఆగుతదని భయం. ఇంకో కస్టమర్ లేనోడికి చట్టం తెలిసినా చేతికి రాదు. నిన్న రాత్రి పెట్టేసిన. ఇప్పుడు భయపడి కాపాడుకునేది ఏం మిగల్లేదు.

షెడ్డుల వాళ్ల పేరు ప్రింటయిన 11 వేల పెట్టెలున్నయి. "పీవో వెనక వస్తది, మీరు కొట్టేయండి" అని ఫోన్ల చెప్పిండ్రు, కొట్టిన. పెట్టెకు 29 రూపాయల చొప్పున 3 లక్షల 19 వేలు. పేరున్న పెట్టె ఇంకెవ్వరూ కొనరు. తూకానికి అమ్మితే 66 వేలు వస్తయట, ఇయ్యాల పొద్దున అడిగిన.

ఇంకో మాట, మరిచిపోతుంటి. పెద్ద కస్టమర్‌ను వదిలేయమని అంటలేను. నేను కూడ బాకీ వచ్చేదాక వదల. కాని వారంల ఒక రోజు మిషన్‌ను చిన్నోళ్లకే పెట్టుండ్రి, పెద్దోళ్లు ఎంత తొందర పెట్టినా ఆ రోజు ఇయ్యకుండ్రి. 500 పెట్టెల ఆర్డర్‌కు డై మార్చుడు, సెట్టింగ్ చేసుడు పెద్ద తిప్పలే, అందుకే నేను ఇన్నేండ్లు వద్దన్న. గద్వాల షాపు ఆయన నెలకు రెండుసార్లు ఫోన్ చేస్తుండె, సగం పైసలు ముందే ఇస్తనంటుండె, "వాళ్ల లోడ్ ఉందన్నా" అని తిప్పి పంపిన. ఇయ్యాల నేనే ఫోన్ చేసిన. ఇంకొకరి దగ్గర మొదలుపెట్టిండంట, అయినా 800 పెట్టెలు రాసుకొమ్మన్నడు.

డై పైసలు మీరు కట్టుంటే, అది మీ సొత్తని పీవో మీద రాయించుకోండి. బయటికి పంపేటప్పుడు తిరిగి ఇయ్యాల్సిన తారీఖు వేసి డెలివరీ చలాన్ మీద సంతకం తీసుకోండి. నా డై ఇంకా వాళ్ల దగ్గరనే ఉంది, నా దగ్గర చలాన్ లేదు.