ఒకే ఇంట్లో రెండు లిథియం బ్యాటరీలు: నాలుగేళ్లు వాడాక

మేడ మీద సోలార్ ప్యానెళ్లు, మెట్ల కింద ఎల్‌ఎఫ్‌పీ అనే రకం ఐదు యూనిట్ల బ్యాటరీ, గేటు లోపల ఎన్‌ఎంసీ అనే ఇంకో రకం మూడు యూనిట్ల ప్యాకుతో స్కూటర్. తిరుపతిలో మా ఇంటికి ఈ రెండు బ్యాటరీలూ కాస్త అటూ ఇటుగా ఒకే సమయంలో వచ్చాయి. నాలుగేళ్లు దాటింది. ఇంటి బ్యాటరీ రోజూ పగలు నిండి, రాత్రి ఫ్యాన్లకూ ఫ్రిజ్‌కూ గ్రైండర్‌కూ ఖర్చవుతుంది. స్కూటర్‌కు రెండు రోజులకోసారి చార్జింగ్ పెడితే చాలు. ఎక్కువ చాకిరీ చేసింది ఇంటిదే, ముసలిదైంది మాత్రం స్కూటర్‌ది. ఈమధ్య రెండింటినీ నిండా చార్జ్ చేసి ఆఖరు దాకా వాడి చూశాను. ఇంటి బ్యాటరీ నిల్వలో పదో వంతు కూడా తగ్గలేదు. స్కూటర్ ప్యాకులో ఐదో వంతుకు పైనే పోయింది.

ఇన్వర్టర్ చూడడానికి వచ్చిన కుర్రాడు అడిగాడు: "రెండూ లిథియమే కదనా, మళ్లీ ఈ తేడా యాడుంది?"

తేడా అంతా పాజిటివ్ వైపు పూసిన పొడిలో ఉంది. నెగటివ్ వైపు రెండింటిలోనూ గ్రాఫైటే. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు పాజిటివ్ పొడిలోంచి బయటికొచ్చి గ్రాఫైట్‌లో చేరతాయి, వాడుతున్నప్పుడు వెనక్కి పోతాయి. ఒక సైకిల్ అంటే ఈ రాకపోకే.

ఎన్‌ఎంసీ పొడిలో నికెల్, మాంగనీస్, కోబాల్ట్, ఆక్సిజన్ కలిసి పొరలు పొరలుగా ఉంటాయి. పొరల మధ్య లిథియం ఉంటుంది. ఇక్కడే చిక్కు. లిథియం మనం బయటికి తీసే సరుకే కాదు, ఆ పొరల మధ్య పందిరి నిట్టాడులా నిలబడేదీ అదే. ఉన్నదంతా లాగేస్తే పొరలు నిలవవు. అందుకే ఒక్కో సెల్ 4.2 వోల్టులకు చేరగానే చార్జింగ్ ఆపి, దాదాపు మూడో వంతు లిథియాన్ని లోపలే వదిలేస్తారు. అంత జాగ్రత్త పడ్డా ప్రతి సైకిల్‌లో పొరలు ఒక దిక్కున ఎక్కువగా, ఇంకో దిక్కున తక్కువగా సాగి ముడుచుకుంటాయి. పొడి గింజలు కొంచెం కొంచెంగా బీటలు వారతాయి. లిథియం అయాన్లు అటూ ఇటూ ఈదే ద్రవం, ఎలక్ట్రోలైట్, ఆ బీటల్లోకి దిగి కొత్త చోట్ల చర్య మొదలుపెడుతుంది. లిథియం ఖాళీ చేసిన చోట్లలోకి నికెల్ అయాన్లు జారి దారి మూసేయడమూ ఉంది. పైగా 4.2 వోల్టులంటే ఎలక్ట్రోలైట్ తట్టుకునే హద్దుకు దగ్గర్లో ఉన్నట్టే. నిండుగా చార్జై ఎండలో ఉన్న ప్యాకులో అది మెల్లగా చెడుతూనే ఉంటుంది, బండి కదలకపోయినా సరే. కత్తిరి ఎండల్లో మా స్కూటర్ నిలిచే చోటు తలుచుకుంటే దాని వయసు మీద నాకు ఆశ్చర్యం లేదు.

ఎల్‌ఎఫ్‌పీ కథ వేరు. అది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 1997లో టెక్సాస్ యూనివర్సిటీలో గుడ్‌ఇనఫ్ బృందం దీన్ని బ్యాటరీకి పనికొచ్చే పదార్థంగా బయటపెట్టింది. ఇందులో ఆక్సిజన్‌ను ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. లిథియం దాదాపు మొత్తం బయటికి పోయినా ఐరన్, ఫాస్ఫేట్ కలిసిన చట్రం అలాగే నిలుస్తుంది. చార్జైనప్పుడు పరిమాణం 7 శాతం దాకా తగ్గుతుంది, అంటే కదలిక లేదని కాదు. కానీ చట్రం తీరు మారదు, వెనక్కొచ్చిన లిథియానికి దాని చోటు దానికి దొరుకుతుంది. నిండా చార్జైనా సెల్ 3.65 వోల్టులు దాటదు కాబట్టి ఎలక్ట్రోలైట్ మీద అంత ఒత్తిడి ఉండదు.

మరి అదే బరువుకు ఎల్‌ఎఫ్‌పీలో నిల్వ ఎందుకు తక్కువ? ఆయుష్షు ఇచ్చిన ఆ ఫాస్ఫేటే బరువు. ఎల్‌ఎఫ్‌పీ అణుభారం 158. అందులో 95 ఫాస్ఫేట్‌ది, లిథియానిది కేవలం 7. ఫాస్ఫేట్ చట్రాన్ని మోస్తుంది తప్ప తాను కరెంటు ఇవ్వదు. ఎన్‌ఎంసీలో ఒక్క లిథియానికి 97 బరువు చాలు. లెక్క వేస్తే ఎల్‌ఎఫ్‌పీ గ్రాముకు గరిష్ఠంగా 170 మిల్లీ ఆంపియర్ అవర్లు, వాడుకలో 160 దాకా ఇస్తుంది. ఎన్‌ఎంసీ మూడో వంతు లిథియం లోపలే దాచుకున్నా 180 దాకా ఇస్తుంది. దీనికి వోల్టేజీ తోడవుతుంది. 160ని 3.2తో గుణిస్తే గ్రాముకు అర వాట్ అవర్ పైచిలుకు, 180ని 3.7తో గుణిస్తే మూడింట రెండు వంతులు. ఎల్‌ఎఫ్‌పీ పొడి సాంద్రత కూడా తక్కువ. కరెంటు సరిగా పారదని గింజలు సన్నగా చేసి కార్బన్ పూత పూస్తారు కాబట్టి ఇంకాస్త చోటు పడుతుంది.

అయితే స్కూటర్‌కు ఎల్‌ఎఫ్‌పీ వద్దనడానికి అందరూ చెప్పే కారణం బరువు. తిరుమల ఘాట్ ఎక్కే మనకు అది నిజమేనా అని లెక్క వేశాను. ఎక్కాల్సిన ఎత్తు సుమారు 700 మీటర్లు. బండి, ఇద్దరు మనుషులు కలిపి 240 కిలోలనుకుంటే ఆ ఎత్తుకు మోయడానికే 0.46 యూనిట్ పడుతుంది. రోడ్డు రాపిడి, మోటారు నష్టాలు వేరు. మూడు యూనిట్ల ఎల్‌ఎఫ్‌పీ ప్యాకు పదికిలోలు ఎక్కువ తూగుతుందనుకోండి, ఆ పదికిలోలను కొండెక్కించడానికి అయ్యేది 0.02 యూనిట్ కూడా కాదు. అసలు అడ్డంకి చోటు. అదే నిల్వకు ఎల్‌ఎఫ్‌పీ సుమారు ఒకటిన్నర రెట్లు జాగా తీసుకుంటుంది, సీటు కింద అంత జాగా ఎక్కడిది? మా మెట్ల కింద ఆ బాధ లేదు. అక్కడ యాభై కిలోలున్నా అడిగేవాడు లేడు.

ఎల్‌ఎఫ్‌పీ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, శాతం చూపించడంలో. చార్జ్ 80 శాతం ఉన్నా 30 శాతం ఉన్నా సెల్ వోల్టేజీ దాదాపు ఒకేచోట, 3.3 దగ్గర కదలకుండా ఉంటుంది. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పడం ప్యాకును కనిపెట్టుకుని ఉండే బీఎంఎస్ సర్క్యూట్‌కు కుదరదు, వచ్చీపోయే కరెంటును లెక్కపెట్టుకుంటూ పోతుంది. చిన్న చిన్న లోడ్ల దగ్గర ఆ లెక్క తప్పుతుంది. వర్షాకాలంలో వరసగా మబ్బులు పట్టి ప్యాకు నిండకుండా రోజులు గడిస్తే, స్క్రీన్ మీద 35 శాతం చూపిస్తూనే ఇన్వర్టర్ ఆగిపోయిన రాత్రులున్నాయి. అది బ్యాటరీ చెడిపోవడం కాదు. గ్రిడ్ కరెంటుతోనైనా రెండు వారాలకోసారి 56.8 వోల్టుల దాకా నింపి గంటసేపు అక్కడే ఉంచితే లెక్క సరిపడుతుంది, ప్యాకులోని పదహారు సెల్స్ కూడా సమానమవుతాయి. సెల్స్ మధ్య తేడా ఉందా లేదా అని యాప్‌లో చూడాల్సింది కూడా అప్పుడే. సగం చార్జ్‌లో చూస్తే బలహీనమైన సెల్ కూడా అందరితో కలిసిపోయి బాగున్నట్టే కనిపిస్తుంది. స్కూటర్ ఎన్‌ఎంసీలో ఈ గొడవ లేదు, చార్జ్‌తో పాటు వోల్టేజీ మెల్లగా దిగుతుంది కాబట్టి శాతం నమ్మొచ్చు. దాని ముసలితనం ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. యాక్సిలరేటర్ తిప్పగానే వోల్టేజీ ఒక్కసారిగా పడి, వదిలేస్తే మళ్లీ లేస్తుంది.

ఎల్‌ఎఫ్‌పీ ఎండకు అతీతమనుకోవద్దు. గ్రాఫైట్ వైపు లిథియాన్ని తినే పొర పెరగడం రెండింటికీ ఉన్న జబ్బే, వేడి ఎక్కువైతే అది త్వరగా పెరుగుతుంది. అందుకే బ్యాటరీని మేడ మీద రేకుల గదిలో కాకుండా కింద పెట్టించాను. స్కూటర్‌ను రోజువారీ తిరుగుడుకు 80 శాతం దగ్గర ఆపుతున్నాను, కొండకు వెళ్లే ముందు రాత్రి మాత్రమే నిండా పెడతాను.

కొనేటప్పుడు ఏది ఏదో తెలియాలంటే స్టిక్కర్ మీద వోల్టేజీ చూడండి. 51.2 అని ఉంటే 3.2 వోల్టుల సెల్స్ పదహారు, అంటే ఎల్‌ఎఫ్‌పీ. 51.8 అని ఉంటే 3.7 వోల్టులవి పద్నాలుగు, అంటే ఎన్‌ఎంసీ. నిండినప్పుడు మొదటిది 58.4, రెండోది 58.8. అంకెలు ఇంత దగ్గరగా ఉన్నాయని ఒకదాని చార్జర్‌ను ఇంకోదానికి తగిలించకండి.