ఒక్క అమ్మకానికి నాలుగు లైన్లు: నా ఎక్స్‌ఛేంజ్ ట్యాక్స్ రిపోర్టుతో పడ్డ తంటా

క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు, ప్రతి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. 2022 నుంచి ఇవన్నీ అందరూ వింటున్నవే కాబట్టి మళ్లీ చెప్పను. యాప్ ఎలా ఉంటుంది, డబ్బు ఎంతసేపట్లో పడుతుంది, ఎన్ని కాయిన్లు దొరుకుతాయి అనేవి కూడా రాయడం లేదు. అవి బాగానే ఉన్నాయి. నా బాధంతా ఈ ఎక్స్‌ఛేంజ్ ఇచ్చే ట్యాక్స్ రిపోర్టుతోనే.

నిజానికి ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి ఈ ఎక్స్‌ఛేంజ్ తీసుకోమని చెప్పింది నేనే. అప్పట్లో అదే రిపోర్టు చూసి మురిసిపోయాను. ఏప్రిల్ రాగానే ఒక బటన్ నొక్కితే చాలు, కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ధర, వచ్చిన డబ్బు, పట్టుకున్న టీడీఎస్ అన్నీ వరసగా వచ్చేవి. అప్పుడు నేను ఒకసారి కొని ఒకసారి అమ్మేవాణ్ణి. ఒకసారి కొని ఒకసారి అమ్మేవాడికి ఏ రిపోర్టయినా బాగానే కనిపిస్తుందని ఇప్పుడు అర్థమవుతోంది.

అసలు గొడవ 2024-25 లెక్కలతో మొదలైంది. ఈథర్ అనే కాయిన్ లెక్క ఒక్కటి చెబుతాను. అర్థం కావడానికి అంకెలు గుండ్రంగా రాస్తున్నాను. 2023 అక్టోబరులో 0.30 ఈథర్ కొన్నాను. ఒక్కోటి 1,40,000 రూపాయల లెక్కన 42,000 అయింది. 2024 మార్చిలో ధర బాగా పెరిగి ఊపు మీదున్నప్పుడు ఇంకో 0.40 కొన్నాను, 3,20,000 లెక్కన 1,28,000. ఆగస్టుకి ధర పడిపోయింది. ఇంట్లో డబ్బు అవసరం వచ్చి 2,20,000 లెక్కన 0.50 అమ్మేశాను. చేతికి 1,10,000 రావాలి. అందులో టీడీఎస్ 1,100 కోత.

యాప్‌లో పోర్ట్‌ఫోలియో తెర తీస్తే ఈ అమ్మకం మీద 11,429 రూపాయల నష్టం అని ఎర్ర అక్షరాల్లో ఉంది. సరే, నష్టం వస్తే వచ్చింది, పన్నయినా తప్పిందనుకున్నాను. ఏప్రిల్‌లో ట్యాక్స్ రిపోర్టు దించుకుని చూస్తే అదే అమ్మకం మీద పన్ను పడే ఆదాయం 24,000 అని ఉంది. సెస్సుతో కలిపి పన్ను 7,488. యాప్ ఒకటే, అమ్మకం ఒకటే. ఒక తెర మీద నష్టం, ఇంకో కాగితం మీద లాభం!

మా సీఏ మేడమ్ ఆఫీసు హిమాయత్‌నగర్‌లో. లాప్‌టాప్ తీసుకుని వెళ్లి చూపించాను.

"ఒక్కసారి అమ్మారు కదండీ, నాలుగు లైన్లెందుకున్నాయి?" అని ఆవిడే ముందు అడిగారు.

నేను పెట్టిన ఆర్డరు ఒకేసారి అమ్ముడుపోలేదు. కొనేవాళ్లు దొరికిన కొద్దీ 0.18, 0.22, 0.10గా మూడు ముక్కలైంది. దాని మీద రిపోర్టు ముందు కొన్నది ముందు అమ్మినట్టు లెక్కేసింది, అంటే ఫిఫో. మొదటి ముక్క మొత్తం అక్టోబరులో కొన్న లాట్‌లోంచి పోయింది, లాభం 14,400. రెండో ముక్కలో 0.12 అక్టోబరు లాట్‌లోంచి, లాభం 9,600. మిగతా 0.10కి మార్చి లాట్ మొదలైంది, 10,000 నష్టం. మూడో ముక్క కూడా మార్చి లాటే, మరో 10,000 నష్టం. ఆదాయం కాలమ్‌లో మాత్రం 14,400, 9,600, 0, 0 అని ఉన్నాయి. రెండు లాభాలు కలిపితే 24,000. ఇరవై వేల నష్టం గాల్లో కలిసిపోయింది.

కూడికలో తప్పు లేదు. 115బీబీహెచ్ సెక్షన్ ప్రకారం ఒక క్రిప్టో అమ్మకంలో వచ్చిన నష్టాన్ని మరో దాని లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు, వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికీ లేదు. రిటర్నులో క్రిప్టో లెక్కలు రాసే వీడీఏ షెడ్యూలు కూడా నష్టమొస్తే ఆదాయం సున్నా వేయమనే అంటుంది. తేడా అంతా ఒక అమ్మకాన్ని ఎన్ని లైన్లుగా కోశారన్న దాంట్లో ఉంది. నా 0.50ని ఒకే అమ్మకంగా చూస్తే కొన్న ఖర్చు 42,000కి 64,000 కలిపి 1,06,000, లాభం 4,000, పన్ను 1,248. పోర్ట్‌ఫోలియో తెర చేసినట్టు సగటు ధర తీస్తే నష్టమే కాబట్టి పన్ను సున్నా, పట్టుకున్న 1,100 కూడా వెనక్కి రావాలి. లాట్ల వారీగా కోస్తే 7,488. నా జేబులోంచి పోయిన డబ్బు, వచ్చిన డబ్బు మూడు లెక్కల్లోనూ ఒకటే.

"మరి సగటు తీసి రాసేద్దాం మేడమ్" అన్నాను.

"ఫారంలో కొన్న తేదీ అడుగుతున్నారండీ. సగటు తీస్తే ఏ తేదీ రాస్తాం చెప్పండి?"

నా దగ్గర జవాబు లేదు. ఫిఫోనే వాడాలని గానీ, సగటు వాడకూడదని గానీ ఆ సెక్షన్‌లో లేదు. కానీ షెడ్యూలులో ఒక్కో లైనుకి ఒక కొన్న తేదీ, ఒక అమ్మిన తేదీ పడతాయి. రెండు లాట్లున్నప్పుడు రెండు లైన్లు రాయడమే దానికి సరిగ్గా అతుకుతుంది. ఒకే ఆర్డరు కాబట్టి ఒకే బదిలీ అని వాదించే అవకాశం ఉందని మేడమే చెప్పారు. అయితే ఆ వాదన బషీర్‌బాగ్‌లోని ఆయకర్ భవన్ దాకా వెళ్లి చేసే ఓపిక, తీరిక ఉన్నాయా అనీ అడిగారు. జీతం మీద బతికేవాణ్ణి. ఆరు వేల తేడా కోసం నోటీసు టెన్షన్ వద్దనుకున్నాను. 7,488లోంచి 1,100 పోగా 6,388 కట్టేశాను. పెద్ద మొత్తాలున్నవాళ్లు నాలాగా ఆలోచించకపోవచ్చు.

ఇక్కడ నా కోపం పన్ను మీద కాదు. ఎక్స్‌ఛేంజ్ తన పోర్ట్‌ఫోలియో తెరకి ఒక పద్ధతి, ట్యాక్స్ రిపోర్టుకి ఇంకో పద్ధతి వాడుతూ రెండిట్లో ఎక్కడా ఆ సంగతి చెప్పదు. అమ్మే బటన్ నొక్కే ముందు కనిపించే ఎర్ర నష్టాన్ని నమ్మి నేను నిర్ణయం తీసుకున్నాను. ఇది సగటు ధర లెక్క, పన్ను లెక్క వేరు అని చిన్న అక్షరాల్లో ఒక్క ముక్క ఉన్నా 0.50 బదులు 0.30 అమ్మి, మిగతా డబ్బు చిట్టీ పాడుకుని సర్దుకునేవాణ్ణి. మార్చి లాట్ చెక్కుచెదరకుండా ఉండేది. ధర మళ్లీ 3,20,000 దాకా ఎక్కితే దాని మీద పైసా పన్ను లేకుండా బయటపడే వీలుండేది. ఇప్పుడు ఆ లాట్‌లో 0.20 నష్టానికి పోయింది, ఆ 20,000 ఇక ఏ ఏడాదిలోనూ పనికిరాదు. సపోర్టుకి రాస్తే కొన్ని రోజులకి ఒక జవాబు వచ్చింది: పోర్ట్‌ఫోలియో అంకెలు మీ సమాచారం కోసం మాత్రమే. అంతే.

ఇంత తిట్టాక ఒక మంచి మాట కూడా చెప్పాలి. రిపోర్టు సంగతి ఎలా ఉన్నా, ఈ ఎక్స్‌ఛేంజ్ ఇచ్చే మామూలు లావాదేవీల చరిత్ర, ఆ సీఎస్‌వీ ఫైలు, చాలా శుభ్రంగా ఉంటుంది. ప్రతి ముక్కకీ ఆర్డరు నంబరు, పరిమాణం, ధర, ఫీజు, టీడీఎస్ విడివిడి కాలమ్‌లలో ఉంటాయి. పైన చెప్పిన మూడు లెక్కలూ నేను దాంతోనే ఎక్సెల్‌లో వేసుకోగలిగాను. నా స్నేహితుడు వాడే ఇంకో యాప్‌లో మూడు ముక్కలనూ ఒకే లైనులో కలిపేసి టీడీఎస్ చివర్లో మొత్తంగా ఇస్తారు. దాంతో ఏమీ తేల్చుకోలేం.

కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. టైమ్ కాలమ్ యూటీసీలో ఉంటుంది, మన టైముకి ఐదున్నర గంటలు వెనక. మామూలు రోజుల్లో ఎవరికీ పట్టదు. 2025లో మార్చి 31న రంజాన్. టోలీచౌకీలో స్నేహితుడింట్లో దావత్ ముగించుకుని ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. నిద్ర పట్టక రెండు గంటలప్పుడు కొంచెం బిట్‌కాయిన్ అమ్మాను, 18,000 వచ్చింది. మన లెక్కలో అది ఏప్రిల్ 1, కొత్త ఆర్థిక సంవత్సరం. ఫైల్లో మాత్రం మార్చి 31 రాత్రి 8:40 అని ఉంది. ట్యాక్స్ రిపోర్టు దాన్ని పాత ఏడాదిలోనే వేసేసింది. రిపోర్టులో టీడీఎస్ మొత్తం, మన పేరు మీద జమైన పన్నులు చూపే 26ఏఎస్‌లో క్రిప్టో టీడీఎస్ సెక్షన్ 194ఎస్ కింద కనిపించే మొత్తం పక్కపక్కన పెట్టి చూస్తే సరిగ్గా 180 రూపాయల తేడా వచ్చింది. 18,000లో ఒక శాతం. దాన్ని పట్టుకునే ఏ అమ్మకం ఇటు పడిందో వెతకగలిగాను. మార్చి చివర అర్ధరాత్రి ట్రేడింగ్ చేసే అలవాటున్నవాళ్లు ఈ రెండు మొత్తాలూ కలుస్తున్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

బయటి వాలెట్‌లోంచి కాయిన్లు తెచ్చుకునేవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. నా విషయంలో అలా జరగలేదు గానీ, నా మాట విని చేరిన ఆఫీసు అన్నకి జరిగింది. ఎక్కడో కొన్న కాయిన్లు ఇక్కడికి పంపుకుని అమ్మితే, కొన్న ధర ఈ ఎక్స్‌ఛేంజ్‌కి తెలియదు కాబట్టి రిపోర్టు అక్కడ సున్నా పెట్టింది. అమ్మిన మొత్తమంతా లాభమే అయిపోయింది. పాత ఎక్స్‌ఛేంజ్‌లోంచి కొనుగోలు చరిత్ర తెచ్చి చేత్తో సరిచేసుకున్నాడు. అప్పటినుంచి నేను సిఫార్సు చేసిన హోటల్‌కి కూడా రావడం లేదు.

మొత్తానికి వదిలేయాలా అంటే, నాకు వదిలే ఉద్దేశం లేదు. ఒకేసారి కొని మొత్తంగా అమ్మేవాళ్లకి ఈ రిపోర్టు ఇప్పటికీ చక్కగా సరిపోతుంది. నెలనెలా ఎస్‌ఐపీలా రకరకాల ధరలకి కొంటూ మధ్యలో కొంచెం కొంచెం అమ్మేవాళ్లు మాత్రం, అమ్మే ముందు తమ లాట్లేంటో ఒక షీట్‌లో రాసుకుని, ఏ లాట్ దాకా పోతుందో చూసుకున్నాకే పరిమాణం కొట్టాలి. నాది చిన్న మొత్తం, సీఏ ఫీజు ఎలాగూ ఇస్తున్నాను, అందుకని నాకు కుదిరింది. ఈ ఏడాది మేడమ్‌కి రిపోర్టు పంపలేదు, సీఎస్‌వీ ఒక్కటే పంపాను. మిగిలిన 0.20 ఈథర్ 64,000 ఖర్చుతో షీట్‌లో చివరి లైనులో ఉంది. పోర్ట్‌ఫోలియో తెర మాత్రం దాన్ని 48,571కే కొన్నానని ఇప్పటికీ చూపిస్తోంది.