దూది పరుపున్న గదికి ఏ పొగ అలారం మేలు?

హన్మకొండలో కొత్త ఇల్లు కట్టుకున్న మా బావ రెండు పొగ అలారాలు తెచ్చి నా ముందు పెట్టాడు. చూడ్డానికి రెండూ ఒకేలాంటి తెల్ల డబ్బాలు. ఒకదాని వెనుక మాత్రం Am-241 అనీ, పక్కన రేడియేషన్ గుర్తూ ఉన్నాయి. అంటే అది అయొనైజేషన్ రకం. రెండోది ఫొటోఎలక్ట్రిక్.

"పడకగదిల ఏది పెట్టాలె?" అన్నాడు.

"ముందు ఆ గదిల అంటుకునేది ఏందో చెప్పు బావా" అన్నాను. దూది పరుపు, మంచం కింద దోమల కాయిల్. పత్తి పండే మన దిక్కు చాలా ఇళ్లల్లో ఉండేవే.

కాయిల్ నిప్పు పరుపు అంచుకు తగిలిందనుకోండి. దూది వెంటనే భగ్గుమనదు. మంట లేకుండా లోలోపలే రాజుకుంటుంది. ఒక్కోసారి గంటకు పైగా అలాగే కాలుతూ పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. ఆ విషవాయువుకు వాసన ఉండదు. పడుకున్న మనిషికి మెలకువ రాకుండానే మత్తు కమ్మేస్తుంది.

ఇలా రాజుకునే పొగలో రేణువులు పెద్దవి. ఫొటోఎలక్ట్రిక్ డబ్బాలో ఒక చీకటి గది, అందులో ఒక చిన్న లైటు ఉంటాయి. ఆ వెలుగు మామూలుగా సెన్సార్ మీద పడదు. పొగ లోపలికి వస్తే రేణువులకు తగిలి చెదిరి, సెన్సార్‌ను చేరుతుంది. రేణువు పెద్దదైతే వెలుగు బాగా చెదురుతుంది కాబట్టి దూది పొగను ఇది ముందే పడుతుంది.

అయొనైజేషన్ దాంట్లో డబ్బా వెనుక Am-241 అని రాసి ఉన్న అమెరీషియం అనే రేడియోధార్మిక లోహం కొద్దిగా ఉంటుంది. అది రెండు పలకల మధ్య గాలిని అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా మార్చి కరెంటు పారేలా చేస్తుంది. పొగ రేణువులు ఆ అయాన్లను పట్టుకుంటే కరెంటు తగ్గి అలారం మోగుతుంది. దీనికి రేణువుల సైజు కంటే అవి ఎన్ని ఉన్నాయన్నదే ముఖ్యం. కాగితాలో, నూనె మూకుడో భగ్గున మండితే కంటికి కనపడని సన్న రేణువులు కోట్లల్లో వస్తాయి. అక్కడ ఇదే ముందు.

రెండింటి లాభమూ సమానమేమీ కాదు. మంట లేచినప్పుడు అయొనైజేషన్‌కు దక్కే ముందడుగు మామూలుగా సెకన్లలో ఉంటుంది. రాజుకునే నిప్పు దగ్గర ఫొటోఎలక్ట్రిక్‌కు దక్కేది చాలాసార్లు పదుల నిమిషాలు. అందుకే పడకగదికి ఫొటోఎలక్ట్రిక్కే అన్నాను.

"మరి ఇంకోటి వంటింట్లనా?"

వద్దన్నాను. పోపు పెట్టిన ప్రతిసారీ అరుస్తుంది. విసుగొచ్చి అక్క బ్యాటరీ పీకేస్తుంది. వంటింట్లో వేడికి మోగే అలారం నయం. ఈ అయొనైజేషన్ దాన్ని పొయ్యికి కనీసం 3 మీటర్ల దూరంలో, హాలు సీలింగ్‌కు పెట్టమన్నాను. ఫొటోఎలక్ట్రిక్‌కూ ఓ జబ్బుంది: స్నానాల గది ఆవిరికి, దుమ్ముకు ఉత్తుత్తిగా మోగుతుంది.

బావ అప్పుడే టెస్ట్ బటన్ నొక్కి "మంచిగనే ఉన్నది" అన్నాడు. మోత వినపడింది నిజమే, కానీ పొగ లోపలికి చేరుతుందో లేదో బటన్ చెప్పదు. ఫ్యాను రెక్కల దగ్గర బిగించబోతుంటే ఆపాను. ఆ గాలికి పొగ చెదిరిపోతుంది. రెక్క కొసకు ఒక మీటరు ఎడంగా గుర్తు పెట్టి, డ్రిల్లు చేతికిచ్చాను.