g7 బంటు పక్కన రూక్: మూడేళ్లు వాడాక నా మాట

ఒరేయ్,

ఆ రోజు చెస్ టోర్నమెంట్‌లో గేమ్ అయ్యాక నువ్వు "ఎందుకు రిజైన్ చేశావురా?" అని అడిగితే, "క్వీన్ పోయాక ఇంకేముంది" అన్నాను. తప్పు. ఇన్నాళ్లూ అదే స్థితిని మళ్లీ మళ్లీ ఆడి చూశాను కాబట్టి ఇప్పుడు సరిగ్గా చెప్పగలను.

నల్లవి నావి: రాజు g8, బంటు g7, రూక్ f6. ఎదుటివాడికి e5లో రాజు, ఒక క్వీన్, అంతే. క్వీన్ విలువ 9 పాయింట్లు, నా రూక్‌కీ బంటుకీ కలిపి 6. d5 మీద చెక్ రాగానే ఆ తేడా చూసి చేయి చాచేశాను. రాజును h7కి జరిపితే సరిపోయేది.

ఎదుటివాడికి బలం ఎక్కువున్నా ఛేదించలేని ఇలాంటి అమరికనే కోట అంటారు. అది ఎలా నిలుస్తుందంటే, రూక్ f6లో ఉన్నా h6లో ఉన్నా g7 బంటు దాన్ని కాస్తుంది. రూక్ ఆరో వరసను మూసేస్తుంది కాబట్టి తెల్లరాజు దాటి రాలేడు. క్వీన్ ఒక్కటే వచ్చి ఏం చేస్తుంది? రూక్‌ని కొడితే బంటు దాన్ని కొడుతుంది, అతని రాజు ఆ బంటును తీసుకున్నా మిగిలేది ఇద్దరు రాజులే. మూలవాటు చెక్ g8 మీదికి వస్తే రాజు h7కి, h7 మీదికి వస్తే g8కి. మిగతా సమయమంతా రూక్ f6, h6 మధ్య తిరుగుతుంది. బోర్ కొడుతుంది, నిజమే.

ఈ మూడేళ్లలో ఐదుసార్లు ఈ స్థితి వచ్చింది. నాలుగు డ్రా. ఓడిన ఒక్కటీ నా తొందరే: గడియారంలో సెకన్లే మిగిలి, రూక్‌ని d6కి లాగాను. క్వీన్ b8కి వచ్చి చెక్ చెప్పింది, రాజూ రూకూ ఒకే దెబ్బకి దొరికారు. బంటు కాపలా లేని గడిలో రూక్ పెట్టకూడదని అప్పటికి తెలిసినా, టెన్షన్‌లో చేయి ఆగలేదు. బంటును g6కి తోసినా ఇంతే: వెనక ఖాళీ ఏర్పడి ఆరో వరస గోడ పనికిరాకుండా పోతుంది.

ఒక షరతు ఉంది. తెల్లకి బంటు మిగిలి ఉంటే లెక్క మారిపోతుంది. అది g5 దాకా వస్తే f6నీ h6నీ ఒకేసారి బెదిరిస్తుంది, అప్పుడు రూక్‌కి చోటు ఉండదు.

ఇంజిన్ ఏమందో చూద్దామని తర్వాత ఇంట్లో పెట్టి చూశాను. తెల్లకి పెద్ద ఆధిక్యం అని చూపిస్తూనే ఉంది, ఎన్ని ఎత్తులైనా ఆ అంకె మాత్రం కదల్లేదు. అది పెరగకపోవడమే అసలు గుర్తు. ఐదు పావుల స్థితే కదా అని, కొద్ది పావుల స్థితులన్నిటి ఫలితాలూ ముందే లెక్కగట్టి ఉంచిన టేబుల్‌బేస్‌లో పెడితే వెంటనే డ్రా అని వచ్చింది.

నోటేషన్ షీట్ మీద ఎత్తుల లెక్క రాసుకుంటూ ఉండాల్సింది. బంటు కదలకుండా, ఏ పావూ పోకుండా ఇద్దరూ చెరో 50 ఎత్తులు ఆడాక ఆర్బిటర్‌ని పిలిచి డ్రా అడిగితే చాలు. నేను మాత్రం ఆ రోజు ఒక్క ఎత్తు కూడా ఆడలేదు.